విదేశీ చదువుల కన్సల్టెన్సీకి ఎంక్వయిరీ ఫారం: ఏ ప్రశ్న అడగాలి, ఎప్పుడు అడగాలి

నేను విజయవాడలో ఒక కన్సల్టెన్సీలో రెండేళ్లు కౌన్సెలర్‌గా కూర్చున్నాను. తర్వాత అక్కడే వెబ్‌సైట్ పని నా చేతికి వచ్చింది. అప్పటికి మా సైట్‌లో ఉన్న ఎంక్వయిరీ ఫారంలో ఒకే పేజీ మీద 21 గడులు ఉండేవి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీతో మొదలై టెన్త్ మార్కులు, ఇంటర్ మార్కులు, బ్యాక్‌లాగ్స్, గ్యాప్, బడ్జెట్, వీసా రిజెక్షన్, చివరికి పాస్‌పోర్టు నంబరు దాకా అన్నీ అందులోనే. అది ఎక్కడిదా అని చూస్తే, ఆఫీసుకు వచ్చిన విద్యార్థి దగ్గర కూర్చుని మేం నింపే కాగితం ఫైలును ఎవరో అలాగే ఎక్కించేశారు.

తేడా అంతా అక్కడే ఉంది. ఆఫీసులో ఆ కాగితం నింపేటప్పటికి విద్యార్థితో మేం అరగంట మాట్లాడి ఉంటాం. బ్యాక్‌లాగ్స్ ఎన్ని అని అడిగితే మొహమాటపడినా, ఎదురుగా మనిషి ఉన్నాడు కాబట్టి చెబుతాడు. అదే ప్రశ్న రాత్రి పదింటికి హాస్టల్ గదిలో ఫోన్ మీద కనపడితే, పక్కన ధైర్యం చెప్పేవాళ్లు లేరు. ఫారం మూసేస్తాడు. మీరు కట్టబోయే ఫారం ఆ హాస్టల్ గదిలోని పిల్లవాడి కోసం అని గుర్తుపెట్టుకుని మొదలుపెట్టండి.

ముందు కాగితం మీద నాలుగు గళ్లు గీయండి

కంప్యూటర్ ముట్టుకోక ముందే ఒక తెల్లకాగితం తీసుకోండి. మొదటి గడిలో ప్రశ్న రాయండి. రెండో దాంట్లో ఆ జవాబు ఎవరు చూస్తారో, మూడో దాంట్లో ఎప్పుడు చూస్తారో రాయండి. నాలుగోది అసలైనది: జవాబు మారితే మా వాళ్లు చేసే పనిలో ఏం మారుతుంది?

ఇది మీరొక్కరే కూర్చుని చేయకండి. రోజూ ఫోన్లు చేసే కౌన్సెలర్‌ని పక్కన పెట్టుకోండి. నేను అలాగే చేశాను. తండ్రి పేరు దగ్గర ఆగి, ‘ఇది మీకెప్పుడు కావాలి?’ అని అడిగితే, ‘అప్లికేషన్ పెట్టేటప్పుడు’ అంది ఆవిడ. అంటే ఎంక్వయిరీకి అక్కర్లేదు. పుట్టిన తేదీ? ‘పద్దెనిమిది నిండాయో లేదో తెలిస్తే చాలు.’ అది చదువు స్థాయిని బట్టే దాదాపు తెలిసిపోతుంది. ఇంటర్ దగ్గర ఉన్నవాళ్లను ఆ ఒక్క మాటే విడిగా అడగొచ్చు. పాస్‌పోర్టు నంబరు? ఎంక్వయిరీ దశలో ఆ నంబరుతో ఎవరికీ పని లేదు, పైగా పోతే ప్రమాదం. పాస్‌పోర్టు ఉందా, అప్లై చేశారా, లేదా అన్నది మాత్రం పనికొస్తుంది. లేనివాళ్లకు మొదటి ఫోన్‌లోనే అప్లై చేయమని చెప్పాలి కదా.

దేశం దగ్గరకు వచ్చేసరికి ఆవిడ వెంటనే చెప్పింది: ‘జర్మనీ అయితే నేను, అమెరికా అయితే ఆయన.’ అంటే ఆ జవాబును బట్టి ఫోన్ చేసే మనిషే మారిపోతున్నాడు. అలాంటి ప్రశ్న మొదట ఉండాలి.

ఇలా గీసుకుంటూ పోతే మా 21 గడుల్లో సగం రాలిపోయాయి. కొట్టేసిన ప్రశ్నలు ఎక్కడికీ పోవు, అప్లికేషన్ దశకు జరుగుతాయి, అంతే. పేరు సంగతే చూడండి. మనవాళ్ల పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. టెన్త్ మెమోలో ఒక రకంగా, పాస్‌పోర్టులో ఇంకో రకంగా ఉంటుంది. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది. అలాంటివాళ్లకు అమెరికా వీసా మీద అసలు పేరు సర్‌నేమ్‌గా మారి, పేరు ఉండాల్సిన చోట ‘పేరు తెలియదు’ అనే అర్థంలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది. ఇది కచ్చితంగా చూసుకోవాల్సిన విషయమే, కానీ పాస్‌పోర్టు చేతిలో పెట్టుకుని చూసుకోవాలి. ఎంక్వయిరీలో ఒకే గడి పెట్టి ‘మిమ్మల్ని ఏమని పిలవాలి?’ అని అడిగితే సరిపోతుంది.

మొదటి తెర: వేలితో నొక్కే మూడు ప్రశ్నలు

మొదటి తెర మీద టైపు చేసే గడి ఒక్కటి కూడా పెట్టకండి. ఆలోచించకుండా జవాబు చెప్పగలిగేవి మూడే ఉండాలి: ఇప్పటిదాకా ఏం చదివారు, ఏ దేశం, ఎప్పుడు వెళ్లాలి.

‘ఏం చదవాలనుకుంటున్నారు?’ అని కాకుండా ‘ఏం చదివారు?’ అని అడగమంటున్నాను, గమనించండి. వెళ్లి ఏం చదవాలో చాలామందికి ఇంకా తేలి ఉండదు. చదివింది మాత్రం అందరికీ తెలుసు. పైగా బీటెక్ చేసినవాళ్లు మాస్టర్స్‌కే అడుగుతారు, ఇంటర్ చేసినవాళ్లు డిగ్రీకో ఎంబీబీఎస్‌కో అడుగుతారు. చదివిందాన్ని బట్టి చదవబోయేది చాలావరకు తెలిసిపోతుంది.

ఇక్కడ డిగ్రీలను పేరుతో కాకుండా ఏళ్లతో విడదీయండి. మూడేళ్ల డిగ్రీ, నాలుగేళ్ల డిగ్రీ అనే తేడా అమెరికా మాస్టర్స్‌కి చాలా ముఖ్యం. అక్కడ చాలా యూనివర్సిటీలు మొత్తం పదహారేళ్ల చదువు చూస్తాయి. మూడేళ్ల బీకాం చేసినవాళ్లతో మొదటి మాటే వేరుగా ఉంటుంది. నేను మొదట ‘బీఎస్సీ, బీకాం, బీఏ’ అని ఒక బటన్, ‘బీటెక్’ అని ఇంకో బటన్ పెట్టాను. బీఎస్సీ నర్సింగ్, బీఎస్సీ అగ్రికల్చర్ చదివినవాళ్లు ‘బీఎస్సీ’ అన్న మాట చూసి మొదటి బటన్ నొక్కారు. వాళ్లవి నాలుగేళ్ల కోర్సులు. మా కౌన్సెలర్ మూడేళ్ల డిగ్రీ అనుకుని ఫోన్ చేసింది. బటన్ మీద ‘మూడేళ్ల డిగ్రీ (బీకాం, బీఏ, మామూలు బీఎస్సీ)’, ‘నాలుగేళ్ల డిగ్రీ (బీటెక్, బీఫార్మసీ, నర్సింగ్, అగ్రికల్చర్)’ అని మార్చాక ఆ తికమక పోయింది.

దేశం దగ్గర రెండు దాకా ఎంచుకోనివ్వండి. అమెరికా లేకపోతే ఐర్లాండ్ అనుకునేవాళ్లు నిజంగానే అలా అనుకుంటారు, బలవంతంగా ఒకటి తేల్చమంటే జవాబు అబద్ధం అవుతుంది. ‘ఇంకా తేల్చుకోలేదు’ అనే బటన్ కూడా మిగతావాటితో సమానంగా కనపడాలి. ఆ బటన్ నొక్కినవాళ్లను పనికిరాని లీడ్ అని పక్కన పెట్టకండి. వాళ్లకే అనుభవం ఉన్న కౌన్సెలర్ కావాలి. ఇక్కడ నేను చేసిన తప్పు కూడా చెబుతాను. మా మొదటి ఫారంలో దేశం డ్రాప్‌డౌన్‌లో ఉండేది, తెరవగానే అమెరికా ముందే ఎంచుకుని ఉండేది. ముట్టుకోకుండా ముందుకు వెళ్లినవాళ్లంతా అమెరికా లెక్కలో పడ్డారు. ఫోన్ చేస్తే ‘నేను అమెరికా అనలేదే’ అనేవాళ్లు. ముందే ఎంచుకున్న జవాబు ఎక్కడా ఉండకూడదు.

మూడోది ‘ఏ ఇంటేక్?’ అన్న ప్రశ్న. ఇంటేక్, ఫాల్, స్ప్రింగ్ మనకు రోజూ నలిగే మాటలు. నరసరావుపేటలోనో మహబూబ్‌నగర్‌లోనో మొదటిసారి ఫారం తెరిచిన తండ్రికి అవి తెలియవు. నెలల్లో అడగండి. అయితే ఒక్కో దేశానికి ఒక్కో నెల. అమెరికాకి ఆగస్టు, జనవరి. బ్రిటన్‌కి సెప్టెంబరు, జనవరి. ఆస్ట్రేలియాకి ఫిబ్రవరి, జులై. జర్మనీకి అక్టోబరు, ఏప్రిల్. రెండు దేశాలు ఎంచుకున్నవాళ్లకు ఏ నెలలు చూపించాలని నేను చాలాసేపు తల పట్టుకున్నాను. ఒక కాగితం మీద అన్నీ రాసుకుంటే, జనవరి–ఏప్రిల్ ఒక గుంపు, జులై–అక్టోబరు ఇంకో గుంపు అయ్యాయి. ముఖ్యమైన ఇంటేక్‌లన్నీ ఆ రెండింట్లోనే పడతాయి. కాబట్టి బటన్లు ‘జనవరి–ఏప్రిల్’, ‘జులై–అక్టోబరు’ అని పెట్టి పక్కన సంవత్సరం వేస్తే ఏ దేశానికైనా పనికొస్తాయి. ఆ సంవత్సరాన్ని మాత్రం చేత్తో రాయకండి, ఇవాళ్టి తేదీని బట్టి ఫారమే లెక్కగట్టాలి. సెప్టెంబరులో ఫారం తెరిచినవాళ్లకు ఆ అక్టోబరు కనపడితే, దొరకని సీటు చూపించినట్టే.

ఇంటర్ అని నొక్కినవాళ్లకు మాత్రం ఇక్కడే ఇంకో ప్రశ్న తెరవాలి: ఎంబీబీఎస్‌కా, వేరే డిగ్రీకా? ఎంబీబీఎస్ అయితే వెంటనే ‘నీట్‌లో క్వాలిఫై అయ్యారా?’ అని అడగండి. విదేశంలో ఎంబీబీఎస్ చేసి తిరిగి వచ్చి ఇక్కడ డాక్టరుగా రిజిస్టర్ కావాలంటే నీట్ క్వాలిఫై అయి ఉండాలి. ఆ జవాబు ‘లేదు’ అయితే మిగతా ప్రశ్నలన్నీ ఆ తర్వాతి సంగతి.

రెండో తెర: ఒక మాట చెప్పి, అప్పుడు ఫోన్ నంబరు అడగండి

నంబరు మొదట అడగాలా, చివర అడగాలా అన్న వాదన ప్రతి కన్సల్టెన్సీలో నడుస్తుంది. టెలీకాలర్లు మొదటే అడగమంటారు, మధ్యలో వెళ్లిపోయినా నంబరు మిగులుతుందని. చివరన పెడితే కష్టపడి నింపినవన్నీ పోతాయని ఇంకొకరి భయం. నేను మధ్యలో పెడతాను. మొదటి మూడు ప్రశ్నలకు జవాబు చెప్పిన మనిషికి, బదులుగా ఏదైనా చెప్పి, అప్పుడు అడుగుతాను.

ఏం చెప్పాలి? ఆ మూడు జవాబులకు సరిపోయే, కౌన్సెలర్ మొదటి ఫోన్‌లో ఎలాగూ చెప్పే ఒక్క ముఖ్యమైన విషయం. జర్మనీ, అక్టోబరు అన్నవాళ్లకు: ‘జర్మనీ విద్యార్థి వీసాకు, మన చదువు కాగితాలను సరిచూసి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ కావాలి, మన దేశ విద్యార్థులకు 2022 నవంబరు నుంచి ఇది తప్పనిసరి. దీనికి వారాలు పడుతుంది, కాబట్టి ముందు ఇదే మొదలుపెట్టాలి.’ బ్రిటన్ అన్నవాళ్లకు: ‘వీసా కోసం చూపించే డబ్బు బ్యాంకు ఖాతాలో వరసగా 28 రోజులు ఉండాలి.’ రెండు వాక్యాలు దాటనివ్వకండి. ఇవి రాసే పని కౌన్సెలర్‌కి ఇవ్వండి, రూల్స్ మారినప్పుడు మార్చే బాధ్యత కూడా ఎవరో ఒకరి పేరు మీద రాయండి. పాత నియమం చూపించే ఫారం కంటే ఏమీ చెప్పని ఫారం నయం.

ఆ కింద పేరు, ఫోన్ నంబరు, ‘ఈ నంబరు ఎవరిది?’, ‘ఎప్పుడు ఫోన్ చేయమంటారు?’. ఎవరిది అన్న ప్రశ్న మన ఇళ్లకు చాలా అవసరం. ఫారం నింపేది విద్యార్థే కానక్కర్లేదు. తండ్రి నింపుతాడు, డల్లాస్‌లో ఉన్న బావ నింపుతాడు, అక్క నింపుతుంది. కౌన్సెలర్ ఫోన్ చేసి ‘బాబూ, నీ బీటెక్ ఎప్పుడయింది?’ అని మొదలుపెడితే అవతల యాభై ఏళ్ల పెద్దాయన ఉంటాడు. ‘విద్యార్థిది, అమ్మది లేదా నాన్నది, అన్నయ్య లేదా అక్కది, వేరేవాళ్లది’ అని నాలుగు బటన్లు చాలు. వేళ సంగతి కూడా అంతే. ఫైనలియర్ పిల్లలు కాలేజీ టైములో ఫోన్ ఎత్తరు. ‘పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఆరు తర్వాత’ అంటే చాలు.

నంబరు గడిని పది అంకెలకు కట్టేయకండి. మా ఫారంలో అలాగే ఉండేది. కువైట్‌లో పనిచేసే ఒక తండ్రి కొడుకు కోసం ఫారం నింపబోతే, ఆయన నంబరుకి ఎనిమిదే అంకెలు కాబట్టి ప్రతిసారీ ఎర్రగా ‘తప్పు నంబరు’ అని చూపించిందట. సెలవుకి కడప వచ్చి, అక్కడి నుంచి ఆఫీసుకి వచ్చినప్పుడు చెప్పాడు. రాయలసీమ నుంచి, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌లో ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. అలాంటి తండ్రులకు మేం తలుపు వేసేశాం. తర్వాత గడిని ఇలా మార్చాను:

```html
<input type="tel" name="phone" autocomplete="tel"
       placeholder="+91 98xxx xxxxx" required>
```

`type="tel"` ఉంటే ఫోన్‌లో అంకెల కీబోర్డు తెరుచుకుంటుంది, ప్లస్ గుర్తు కూడా అందులో ఉంటుంది. ముందు ప్లస్ ఉంటే అంకెల సంఖ్య అడ్డుపెట్టకుండా తీసుకోండి, ప్లస్ లేకుండా పది అంకెలు ఉంటే మన దేశం నంబరు అనుకోండి. మధ్యలో ఖాళీలు, గీతలు వస్తే మీరే తీసేయండి, మనిషిని తిట్టకండి.

ఇదే తెర మీద సమ్మతి కూడా తీసుకోవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో మామూలు మాటల్లో చెప్పాలి. ఆ నోటీసును ఇంగ్లిషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. కాబట్టి బటన్ పైన తెలుగులోనే రాయండి: ‘మీ చదువు గురించి మాట్లాడటానికి మా కౌన్సెలర్ ఈ నంబరుకి ఫోన్ చేస్తారు. మీ అనుమతి లేకుండా ఏ యూనివర్సిటీకీ, బ్యాంకుకీ ఈ వివరాలు ఇవ్వం.’ రాసింది నిజంగా పాటించండి. నంబరు టైపు చేస్తుండగానే, బటన్ నొక్కకముందే, వెనక నుంచి దాచుకునే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. అది చేయకండి. పంపించని నంబరుకి ఫోన్ వస్తే ఆ ఇల్లు మిమ్మల్ని మళ్లీ నమ్మదు.

ఆ చట్టం లెక్కలో పద్దెనిమిది నిండనివాళ్లు పిల్లలే. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే అమ్మానాన్నల్లో ఒకరి సమ్మతి, అదీ సరిచూసుకోదగినది, ఉండాలి. అందుకే ఇంటర్ దారిలో వచ్చినవాళ్లను రెండో తెర మొదట్లోనే ‘పద్దెనిమిది నిండాయా?’ అని అడగండి. ‘లేదు’ అని నొక్కితే విద్యార్థి నంబరు గడి చూపించకుండా, ‘అమ్మనో నాన్ననో ఈ ఫారం నింపమని చెప్పండి’ అని రాసి, వాళ్ల నంబరు గడి ఒక్కటే పెట్టండి.

బటన్ నొక్కగానే ఎంక్వయిరీ నమోదైనట్టే. మూడో తెర ఆ తర్వాతిది, దాన్ని మధ్యలో వదిలేసినా ఏమీ పోదు.

మూడో తెర: ఇబ్బంది పెట్టే ప్రశ్నలు ఇక్కడ

పైన ఒక వాక్యం పెట్టండి: ‘మీ నంబరు అందింది, ఫోన్ చేస్తాం. కింది వివరాలు ఇప్పుడే చెబితే మొదటి ఫోన్‌లోనే యూనివర్సిటీల గురించి మాట్లాడొచ్చు.’ ఇక్కడ ఒక్క ప్రశ్న కూడా తప్పనిసరి కాకూడదు.

మార్కులు అడిగేటప్పుడు ముందు ‘మెమో మీద సీజీపీఏ ఉందా, శాతం ఉందా?’ అని అడిగి, తర్వాత అంకె అడగండి. ఒకే గడి పెడితే 7.4 ఒకరు, 74 ఒకరు, ‘ఫస్ట్ క్లాస్’ అని ఇంకొకరు రాస్తారు. సీజీపీఏని శాతంలోకి మార్చమని విద్యార్థిని అడగకండి, ఫారం చేత మార్పించకండి. ఒక్కో యూనివర్సిటీకి ఒక్కో సూత్రం ఉంటుంది. మెమో మీద ఉన్నది ఉన్నట్టు తీసుకోండి. సీజీపీఏ అని నొక్కి పదికి మించి రాస్తే మాత్రం, ‘ఇది శాతమా?’ అని మర్యాదగా అడగండి.

గ్యాప్ అన్న మాట ఫారంలో కనపడకూడదు. ఆ మాట చూడగానే విద్యార్థి తప్పు చేసినవాడిలా అయిపోతాడు. ‘ఏ సంవత్సరం పాసయ్యారు?’ అని అడగండి, మిగతాది లెక్కే. పాసై ఏడాది దాటితేనే ‘ఆ తర్వాత ఏం చేశారు?’ అని ఇంకో ప్రశ్న తెరవండి: ఉద్యోగం, పోటీ పరీక్షలు, ఇంటి వ్యాపారం లేదా వ్యవసాయం, ఇంకేదైనా. గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షలకో చదివిన రెండేళ్లు మన రాష్ట్రాల్లో మామూలు విషయం. ఆ బటన్ కనపడితే విద్యార్థి ఊపిరి పీల్చుకుంటాడు, కౌన్సెలర్‌కి కూడా ఏ కాగితాలు అడగాలో తెలుస్తుంది.

బ్యాక్‌లాగ్స్ దగ్గర ఎక్కువసేపు ఆగాలి. ‘బ్యాక్‌లాగ్స్ ఎన్ని?’ అన్న ఒక్క ప్రశ్నకు మూడు అర్థాలు ఉన్నాయి. ఇంకా రాయాల్సినవి ఎన్ని అని ఒకరు అనుకుంటారు, అందుకే అన్నీ పాసైనవాడు సున్నా అంటాడు. ఎప్పుడైనా తప్పినవి ఎన్ని అని ఇంకొకరు అనుకుంటారు. ఒకే సబ్జెక్టు మూడుసార్లు రాసినవాడు ఒకటి అంటాడా, రెండంటాడా? యూనివర్సిటీల లెక్కలు కూడా ఒక్కలా ఉండవు. కొన్ని తప్పిన సబ్జెక్టులు లెక్కపెడతాయి, కొన్ని ఎన్నిసార్లు తప్పారో లెక్కపెడతాయి. అందుకని ప్రశ్నను రెండుగా విడగొట్టండి. మొదటిది: ‘ఇంకా పాస్ కావాల్సిన సబ్జెక్టులు ఉన్నాయా?’ రెండోది: ‘ఇప్పుడు పాసైనా, మొదటిసారి తప్పిన సబ్జెక్టులు ఎన్ని?’ దీనికి బటన్లు: లేవు, 1–5, 6–10, 10 కంటే ఎక్కువ, గుర్తులేదు. కచ్చితమైన అంకె మెమోలు వచ్చాక మనమే లెక్కపెట్టుకోవాలి. ఎంక్వయిరీలో ఏ యూనివర్సిటీల గురించి మాట్లాడాలో తెలిస్తే చాలు, దానికి ఈ గుంపులు సరిపోతాయి.

ఇంగ్లిషు పరీక్షకు ‘రాశాను, డేట్ తీసుకున్నాను, ఇంకా లేదు’ అని మూడు బటన్లు. రాశానంటేనే పరీక్ష పేరు, స్కోరు, నెల అడగండి. ఐఈఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్లకే చెల్లుతుంది కాబట్టి నెల అవసరం.

డబ్బు విషయంలో అంకె అడగకండి. ‘మీ బడ్జెట్ ఎంత?’ అంటే కొందరు భయపడి తక్కువ రాస్తారు, కొందరు ఎక్కువ చెబితే మంచి కాలేజీ చూపిస్తారేమోనని పెంచి రాస్తారు. ఖర్చు ఎలా పెట్టుకుంటారని అడగండి: విద్యా రుణం, ఇంట్లో డబ్బు, రెండూ కలిపి, ప్రభుత్వ విదేశీ విద్యా పథకం, ఇంకా తేలలేదు. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి లాంటి పథకాల మీద ఆశపెట్టుకుని వచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లకు పథకం గడువులతో అడ్మిషన్ తేదీలు కలవాలి, ఆ సంగతి మొదటే తెలియాలి. రుణానికి ఇల్లో పొలమో పెడతారా, ఎవరి జీతం మీద తీసుకుంటారు అన్నవి ఫోన్‌లో మాట్లాడేవే.

వీసా రిజెక్షన్ ప్రశ్నను నేను ఫారం నుంచి పూర్తిగా తీసేశాను. అది చిన్న విషయమని కాదు. వీసా అప్లికేషన్లలో అంతకుముందు వీసా నిరాకరించారా అని అడుగుతారు, దాచితే ఇంకా పెద్ద చిక్కు. కానీ ఫారంలో ఒకసారి ‘లేదు’ అని నొక్కినవాడు, తర్వాత ఫోన్‌లో ఆ మాటకే కట్టుబడి ఉంటాడు. కౌన్సెలర్ నోటితో, ఎందుకు అడుగుతున్నామో చెప్పి అడిగితే నిజం వస్తుంది.

ప్రశ్నలు తెరుచుకునే తీరు

ఏ జవాబుకు ఏ ప్రశ్న తెరుచుకోవాలన్న నియమాలన్నీ ఒకే చోట ఉంచండి. ఇలా:

```js
const thisYear = new Date().getFullYear();
const show = {
  neet:      a => a.goal === "mbbs",
  aps:       a => a.countries.includes("DE"),
  afterPass: a => thisYear - a.passYear > 1,
  score:     a => a.test === "done",
};
```

దీనికి జతగా గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. విద్యార్థి జర్మనీ అని నొక్కి, ఏపీఎస్‌కి అప్లై చేశానని చెప్పి, వెనక్కి వెళ్లి బ్రిటన్‌గా మారుస్తాడు. ఏపీఎస్ ప్రశ్న తెర మీద మాయమవుతుంది గానీ పాత జవాబు లోపలే ఉండిపోతుంది. పంపించేటప్పుడు అది కూడా కౌన్సెలర్‌కి చేరి, ఈ మనిషి జర్మనీకా బ్రిటన్‌కా అని అనుమానం పుట్టిస్తుంది. పంపేముందు పై నియమాలను మళ్లీ ఒకసారి నడిపి, కనపడని ప్రశ్నల జవాబులు తీసేయండి.

ఇంకొకటి ఫోన్‌లో వెనక్కి వెళ్లే బటన్. మూడో తెరలో ఉన్నవాడు రెండో తెర చూడాలని ఆ బటన్ నొక్కితే, ఫారం మొత్తం మూసుకుపోయి గూగుల్ పేజీ వస్తుంది. ప్రతి తెరకీ `history.pushState` వాడి, `popstate` వచ్చినప్పుడు దానికి తగిన తెర చూపిస్తే ఈ చిక్కు తీరుతుంది. జవాబులను `sessionStorage`లో ఉంచండి, `localStorage`లో వద్దు. ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని నింపినవాడి మార్కులు తర్వాత వచ్చేవాడికి కనపడకూడదు. ట్యాబ్ మూయగానే మొదటిదాంట్లోవి పోతాయి, రెండోదాంట్లోవి మిగిలిపోతాయి.

ఒకరి దారి మొదటి నుంచి చివరి దాకా

భీమవరం అబ్బాయి ఒకడిని ఊహించుకోండి. మెకానికల్ బీటెక్, మూడేళ్ల కింద పాసయ్యాడు, చెన్నైలో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం. షిఫ్టు దిగి బస్సులో కూర్చుని ఫారం తెరిచాడు. నాలుగేళ్ల డిగ్రీ, జర్మనీ, జులై–అక్టోబరు: మూడుసార్లు నొక్కాడు. తెర మారి ఏపీఎస్ గురించి రెండు వాక్యాలు చూశాడు. ఆ పేరు స్నేహితుడి నోట విన్నాడు గానీ ముందు అదే మొదలుపెట్టాలని తెలియదు. నంబరు ఇచ్చాడు, తనదే అని నొక్కాడు, సాయంత్రం ఆరు తర్వాత చేయమన్నాడు.

మూడో తెరలో సీజీపీఏ 6.9 అని రాశాడు. పాసైన సంవత్సరం వేయగానే ‘ఆ తర్వాత ఏం చేశారు?’ తెరుచుకుంది, ఉద్యోగం అని నొక్కాడు. పాస్ కావాల్సినవి లేవు, తప్పినవి 6–10. ఇంగ్లిషు పరీక్ష ఇంకా లేదు, కాబట్టి స్కోరు గడి కనపడలేదు. ఏపీఎస్‌కి అప్లై చేయలేదు. ఖర్చు దగ్గరకు వచ్చేసరికి దిగాల్సిన స్టాపు వచ్చింది, ఫోన్ జేబులో పెట్టేశాడు.

కౌన్సెలర్ ముందుకు చేరింది ఇది: నాలుగేళ్ల డిగ్రీ, ఉద్యోగ అనుభవం ఉంది, సబ్జెక్టులు కొన్ని తప్పి పాసయ్యాడు, ఏపీఎస్ మొదలుకాలేదు, డబ్బు సంగతి తెలియదు. ఆరుంబావుకి ఫోన్ చేసి, మొదట ఏపీఎస్‌కి ఏ మెమోలు స్కాన్ చేయాలో చెప్పింది. తర్వాత, ఏడాది ఖర్చుకు బ్లాక్డ్ అకౌంట్‌లో డబ్బు ముందే వేయాలని, 2024 సెప్టెంబరు నుంచి ఆ మొత్తం 11,904 యూరోలు అని చెప్పి, ‘ఇంట్లో ఎలా అనుకుంటున్నారు తమ్ముడూ?’ అని అడిగింది. ఫారంలో వదిలేసిన ప్రశ్నకు జవాబు అలా దొరికింది.

పెట్టిన తర్వాత ఏం చూడాలి

ప్రతి తెర ఎంతమంది తెరిచారో, ఎంతమంది దాటారో లెక్క ఉంచండి. మొదటి తెరలోనే ఎక్కువమంది ఆగిపోతే మాటలు అర్థం కావడం లేదు, బటన్లు చదివి చూడండి. రెండో తెరలో ఆగిపోతే, చెప్పిన రెండు వాక్యాలు నంబరు ఇచ్చేంత విలువగా లేవన్నమాట. మూడో తెరలో ఏ ప్రశ్న దగ్గర ఆగుతున్నారో చూసి, ఆ ప్రశ్నను ఫోన్‌కి జరపండి.

జవాబులు కూడా చదవండి. ఒక ప్రశ్నకు దాదాపు అందరూ ఒకే జవాబు చెబుతుంటే అది అక్కర్లేని ప్రశ్న. ‘గుర్తులేదు’, ‘తేలలేదు’ ఎక్కువగా వస్తుంటే తొందరపడి అడుగుతున్నారు. అన్నింటికంటే మంచి కొలత నెలకోసారి కౌన్సెలర్ పక్కన కూర్చుని పది ఫోన్లు వినడం. ఫారంలో ఉన్న ప్రశ్ననే ఆవిడ ఫోన్‌లో మళ్లీ అడుగుతుంటే, ఆ జవాబును ఆవిడ నమ్మడం లేదు. ఎందుకని అడగండి. మా బ్యాక్‌లాగ్స్ ప్రశ్న రెండుగా విడిపోయింది అలాగే.